పక్కోడిది ఉంచి నాది ఎట్ల తీస్తరు?

మొన్న పాత ఫైళ్ళు సర్దుతుంటే ఒక రిట్ పిటిషన్ కాపీ చేతికొచ్చింది, మా జూనియర్ కొత్తలో డ్రాఫ్ట్ చేసినది. ప్రేయర్‌లో, అంటే కోర్టుని ఏం కావాలో అడిగే చోట, మామూలు వరసే ఉంది, ఇల్లీగల్, ఆర్బిట్రరీ, అన్‌జస్ట్, నేచురల్ జస్టిస్‌కి విరుద్ధం, ఆర్టికల్ 14, 19(1)(జి), 21, 300-ఎ ఉల్లంఘన. హైకోర్టులో వేసే చాలా రిట్లలో ఇదే వాక్యం ఉంటుంది, క్లర్కులు కళ్ళు మూసుకుని కొట్టేస్తారు. ఆ రోజు నేను అతన్ని అడిగాను, సమానత్వం గురించిన 14 రాశావు కదా, ఎవరితో పోలిస్తే అసమానం అంటున్నావ్ అని. "అంటే సర్, ఆర్బిట్రరీ అని రాశాం కదా సర్" అన్నాడు. ఆర్బిట్రరీ, అంటే ఇష్టారాజ్యం, అనేస్తే చాలు, పోలిక అక్కర్లేదనుకున్నాడు. తప్పు పూర్తిగా అతనిది కాదు, యాభై ఏళ్ళుగా సుప్రీంకోర్టే కొంతవరకు అలా నేర్పింది మరి. ఈ పోస్టు దాని గురించే.

కేసు చిన్నది. ఒక చిన్న టౌన్‌లో మున్సిపాలిటీ కాంప్లెక్స్, పద్నాలుగు మడిగెలు. మా క్లయింటు అందులో ఒకదాంట్లో టీకొట్టు నడిపే ఆవిడ. మూడేళ్ళకోసారి అద్దె మూడో వంతు పెంచి లీజు రెన్యువల్ చేసే పద్ధతి. ఆ ఏడాది పదకొండు మందికి చేశారు, ముగ్గురికి చెయ్యలేదు. నోటీసు ఇచ్చి వారం తిరక్కుండా తాళం వేశారు. ఆవిడ ఆఫీసుకొచ్చి కూర్చోగానే అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "సారూ, తీస్తే అందరివి తియ్యాలె. పక్కోడిది ఉంచి నాది ఎట్ల తీస్తరు?"

తొమ్మిది పదాల్లో ఆర్టికల్ 14 మొత్తం చెప్పేసింది. మేం దాన్ని తీసుకెళ్ళి ఆర్బిట్రరీ అనే ఒక్క ముక్కలో పాతిపెట్టాం.

గీత ఎక్కడ గీశారు, ఎందుకు గీశారు

ప్రభుత్వం కొందర్ని విడదీసి వేరుగా చూస్తే అది చెల్లుతుందా అని తేల్చే క్లాసిఫికేషన్ టెస్టు లా చదివిన వాళ్ళందరికీ కంఠతా వచ్చు కాబట్టి నిర్వచనం జోలికి పోను. 1952లో అన్వర్ అలీ సర్కార్ కేసులో జస్టిస్ ఎస్.ఆర్.దాస్ గారు రెండు మెట్లుగా పేర్చింది. గీత ఎవరికైనా అర్థమయ్యేలా ఉందా, ఆ గీతకీ చట్టం లక్ష్యానికీ సంబంధం ఉందా, అంతే. (మన దగ్గర వర్గీకరణ అనగానే ఎస్సీ వర్గీకరణే గుర్తొస్తుంది, 2004లో చిన్నయ్య కేసు, 2024లో దాన్ని తిరగరాసిన దవిందర్ సింగ్ కేసు, వాటికి వేరే పోస్టు కావాలి.)

ఈ టెస్టు ఎక్కడ దెబ్బతింటుందో చూడాలంటే హైదరాబాద్ ప్లాట్ల కేసు కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో, 2008లో వచ్చిన జీవోలు. గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో ప్రభుత్వ భూమిని ఎంపీలు, ఎమ్మెల్యేలు, అఖిల భారత సర్వీసు అధికారులు, జడ్జీలు, జర్నలిస్టుల హౌసింగ్ సొసైటీలకి బేసిక్ వాల్యూకి ఇవ్వడం. బేసిక్ వాల్యూకీ బజారు ధరకీ ఎంత దూరమో హైదరాబాద్‌లో గజం కొన్న ఎవరినడిగినా చెప్తారు. 2010 జనవరిలో హైకోర్టు కొట్టేసింది, అప్పీళ్ళు సుప్రీంకోర్టులో పద్నాలుగేళ్ళకి పైగా నడిచాయి, చివరికి 2024 నవంబర్ 25న సుప్రీంకోర్టూ కొట్టేసింది.

ఇప్పుడు రెండు మెట్లూ ఎక్కించి చూద్దాం. మొదటిది, గీత అర్థమవుతుందా? శుభ్రంగా అవుతుంది. ఎమ్మెల్యే ఎవరో, ఐఏఎస్ ఎవరో, అక్రిడిటేషన్ కార్డున్న జర్నలిస్టు ఎవరో లిస్టు తీసి చూపించొచ్చు, అందులో గందరగోళమే లేదు. రెండోది, లక్ష్యంతో సంబంధం. ప్రభుత్వం చెప్పిన లక్ష్యం ఏంటంటే సమాజంలో అర్హులైన వర్గాలకి ఇళ్ళ స్థలాలు ఇవ్వడం. అర్హులు ఎవరయ్యా అంటే మేం లిస్టులో పెట్టిన వాళ్ళే. లక్ష్యాన్నే లిస్టుకి సరిపోయేలా కుట్టుకున్నాక సంబంధం ఎందుకుండదు, దర్జీ కొలతలు తీసుకుని కుట్టిన చొక్కా సరిపోకుండా ఉంటుందా.

క్లాసిఫికేషన్ టెస్టుకున్న అసలు బలహీనత ఇదే. లక్ష్యాన్ని చెప్పేది ప్రభుత్వమే. దాన్ని ఎంత వెడల్పుగా చెప్తే గీత అంత సులువుగా నిలబడుతుంది. అందుకే కోర్టు రెండు మెట్ల దగ్గర ఆగలేదు, లక్ష్యమే వివక్షతో కూడినదైతే సంబంధం ఉన్నా లాభం లేదు అంది. బయటికి సక్రమంగా కనపడే ముసుగేసుకున్న ఇష్టారాజ్యపు నిర్ణయం ఇది అనే అర్థంలో గట్టిగానే రాసింది. ఈ కేసు చదివిన చాలామంది "చూశారా, చివరికి ఆర్బిట్రరినెస్సే గెలిపించింది" అంటారు. నాకు అలా అనిపించలేదు. మళ్ళీ చదవండి. ఆ తీర్పులో ప్రాణం ఎక్కడుందంటే, అంత తక్కువ ధరకి భూమి దొరికే వీలు మామూలు మనిషికి ఎప్పటికీ ఉండదు కదా అన్న దగ్గర. అది పోలికే. లిస్టులో లేనివాడు కోర్టు కళ్ళ ముందు నిలబడ్డాడు. ఇష్టారాజ్యం అన్న మాట ఆ పోలిక తేల్చిన దానికి పెట్టిన పేరు.

ఇక్కడ ఒక ఇబ్బంది ఒప్పుకోవాలి. నా స్నేహితుడొకడు పేపర్లో డెస్కులో పనిచేసి రిటైరయ్యాడు, వాడూ ఇలాంటి ఒక సొసైటీకి భార్య గాజులు తాకట్టు పెట్టి డబ్బు కట్టాడు. తీర్పు వచ్చిన రాత్రి ఫోన్ చేసి, "ఒరేయ్, ఐఏఎస్‌నీ నన్నూ ఒకే గాటన కట్టారు, అది మాత్రం సమానత్వమా" అన్నాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాడి జీతం నాకు తెలుసు. కానీ వాడికంటే తక్కువ జీతానికి అదే ప్రెస్సులో మెషిన్ దగ్గర పనిచేసినోడికి సొసైటీ లేదు, ఆ మాట అప్పుడు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. జీతం గీతగా పెట్టి ఉంటే ఇద్దరూ లోపల ఉండేవాళ్ళు, ఎమ్మెల్యే బయట ఉండేవాడు. గీత వృత్తి మీద గీశారు.

పక్కోడే లేనప్పుడు

ఇంతవరకు రాసింది చూస్తే పోలిక ఉంటే చాలు, ఆర్బిట్రరినెస్ అనవసరం అంటున్నాననిపిస్తుంది. అలా అనడానికి నాకు అడ్డొచ్చే కేసు ఒకటుంది, ఎయిర్ ఇండియా వర్సెస్ నర్గీస్ మీర్జా, 1981. అప్పటి రూల్స్ ప్రకారం ఎయిర్ హోస్టెస్ ముప్పై ఐదేళ్ళకి రిటైరవ్వాలి, చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే అప్పుడే, మొదటిసారి గర్భం వస్తే అప్పుడే, ఏది ముందొస్తే అది. అదే విమానంలో అదే ట్రేలు అందించే మగ ఫ్లైట్ పర్సర్లకి యాభై ఎనిమిది.

ఇంతకన్నా తేలికైన పోలిక కేసు ఉంటుందా? వాళ్ళు అదే అడిగారు. కోర్టు ఏమందంటే, రెండూ వేర్వేరు కేడర్లు, నియామకం వేరు, అర్హతలు వేరు, ప్రమోషన్ దారి వేరు, కాబట్టి పోల్చడానికి వీల్లేదు అంది. ఆ కేడర్లని వేరువేరుగా పెట్టింది ఎవరు? ఎయిర్ ఇండియానే. ప్లాట్ల కేసులో లక్ష్యాన్ని లిస్టుకి సరిపోయేలా కుట్టుకున్నట్టే ఇక్కడ వర్గాలని ముందే విడదీసి పెట్టుకున్నారు, తర్వాత కోర్టుకొచ్చి వాళ్ళు వేరు వీళ్ళు వేరు అన్నారు. నాలుగేళ్ళ పెళ్ళి నిబంధన కూడా నిలబడింది, కుటుంబ నియంత్రణకి మంచిదని కూడా రాశారు ఆ తీర్పులో, చదువుతుంటే ఇప్పుడు నవ్వాలో ఏడవాలో తెలీదు.

కానీ గర్భం నిబంధన పడిపోయింది. ఎలా? పోలిక లేకుండానే. మగ పర్సర్‌కి గర్భం రాదు కాబట్టి పోల్చడానికి మనిషే లేడు, క్లాసిఫికేషన్ టెస్టు అక్కడ నోరు తెరవలేదు. కోర్టు నేరుగా, ఇది అమానుషం, అత్యంత అసమంజసం, ఇష్టారాజ్యం అని కొట్టేసింది. ఆ ఒక్క నిబంధన విషయంలో ఆర్బిట్రరినెస్ లేకపోతే ఆ ఆడవాళ్ళకి ఏ దారీ లేదు. కాబట్టి దాన్ని పనికిరానిదని నేను అనలేను.

అయితే అదే తీర్పులో ఇంకోటి కూడా కనపడుతుంది. గర్భం విషయంలో జడ్జీల మనసు కదిలింది, ముప్పై ఐదేళ్ళ విషయంలో, పెళ్ళి విషయంలో కదల్లేదు. దేనికి కదులుతుందో ముందే చెప్పగలిగే కొలబద్ద ఆ మాటలో లేదు. క్లాసిఫికేషన్ టెస్టు తప్పు జవాబిచ్చినా ఎక్కడ తప్పిందో వేలుపెట్టి చూపించొచ్చు, కేడర్ పేరు చూసి పని చూడలేదు అని నలభై ఏళ్ళ తర్వాత కూడా చెప్పగలుగుతున్నాం. అసమంజసం అన్నదాన్ని అలా విప్పి చూపించడం కష్టం.

ఓడిపోయిన కేసులో పుట్టిన మాట

ఈ ఆర్బిట్రరినెస్ అన్నది 1973 నవంబర్‌లో రాయప్ప కేసులో వచ్చింది. తమిళనాడు చీఫ్ సెక్రటరీ రాయప్పని ఆ కుర్చీలోంచి తీసి వేరే పోస్టులో వేశారు, ఆయన ముఖ్యమంత్రి కక్ష అన్నాడు. జస్టిస్ భగవతి గారు సమానత్వం, ఆర్బిట్రరినెస్ ఈ రెండూ బద్ధ శత్రువులు, ఒకటి రిపబ్లిక్‌లో చట్టపాలనది, రెండోది నిరంకుశ రాజు ఇష్టానిది అన్నారు. ఏ పని ఆర్బిట్రరీ అయినా అందులోనే అసమానత ఉన్నట్టు అన్నారు. మన పేపర్లు దీనికి ఏకపక్షం అని రాస్తాయి, నాకు నచ్చదు, ఏకపక్షం అంటే అవతలివాణ్ణి అడక్కుండా చేసింది అనే అర్థమే వస్తుంది. ఇష్టారాజ్యం అన్నదే సరైన మాట, భగవతి గారు చెప్పిన రాజు కూడా అందులోనే ఉన్నాడు.

తమాషా ఏంటంటే రాయప్ప ఓడిపోయాడు. కొత్త ఆయుధం తయారుచేసి ఇచ్చిన కేసులోనే దాన్ని అడిగినాయనకి అది పనికిరాలేదు, ఎందుకంటే కక్ష ఉందని చూపించే రుజువు చాల్లేదు, పోస్టు కూడా సమాన స్థాయిదే అన్నారు. మాట పెద్దది, రుజువు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ మొదటికే. మా జూనియర్ లాంటి వాళ్ళు మర్చిపోయేది ఇదే. ఆర్బిట్రరీ అని రాయడం తేలిక, అది రుజువు చెయ్యాలంటే ఏదో ఒకటి చూపించాలి, ఫైల్లో కారణం లేకపోవడమో, రాసిన కారణం అబద్ధం కావడమో, తను పెట్టుకున్న రూలునే తను తప్పడమో. ఇందులో రెండోది, మూడోది చూపించాలంటే మిగతా వాళ్ళకి ఏం చేశారో చూడకుండా కుదరదు.

రాజ్యాంగ నిపుణుడు సీర్వాయ్ లాంటి వాళ్ళు అప్పట్లోనే ఈ సిద్ధాంతాన్ని గట్టిగా విమర్శించారు. అసమానత అంతా ఆర్బిట్రరీ అవ్వచ్చేమోగానీ ఆర్బిట్రరీ అయినదంతా అసమానత ఎలా అవుతుంది? అందరికీ ఒకే రకంగా చేసిన పిచ్చి పని కూడా ఉంటుంది కదా. ఊళ్ళో అందరి నల్లా కనెక్షన్లూ ఏ కారణం లేకుండా పీకేస్తే అది దౌర్జన్యమేగానీ వివక్ష కాదు. నాకు తర్కంగా ఆయన మాటే సరైనదనిపిస్తుంది. కానీ నల్లాలు పీకేసిన ఊరివాళ్ళు నా దగ్గరికొస్తే నేను ఏ ఆర్టికల్ రాస్తాను? 14 రాస్తాను, సిగ్గులేకుండా.

చట్టసభని ఆ మాట అనొచ్చా

అధికారి చేసిన పనిని అనడం వేరు, అసెంబ్లీ చేసిన చట్టాన్ని అనడం వేరు. ఈ గొడవలో మన రాష్ట్రం నేరుగా ఉంది. సారా ఉద్యమం, ఎన్టీఆర్ మద్యనిషేధం, 1995 చట్టం, తర్వాత తయారీని కూడా ఆపే సవరణ, ఇవన్నీ తెలిసినవే. మద్యం కంపెనీలు ఆ సవరణ అసమంజసం, ఆర్బిట్రరీ అని కోర్టుకెళ్ళాయి. 1996లో మెక్‌డోవెల్ కేసులో మన జస్టిస్ జీవన్ రెడ్డి గారు రాశారు, చట్టాన్ని ఉత్తి ఆర్బిట్రరీ అనేసి కొట్టెయ్యడం కుదరదు, అధికారం లేకుండా చేసిందని చూపించు, లేదా ఫలానా ప్రాథమిక హక్కు పోయిందని చూపించు, జనానికి ఏం కావాలో వాళ్ళ ప్రతినిధులకి తెలుసనుకోవాలి అని. ఆ కేసులో ఆ మాటకి బలం ఎక్కడిదంటే ఆ చట్టం వెనక నెల్లూరు జిల్లా ఆడవాళ్ళున్నారు. అది తెలివైన చట్టమా అంటే కాదనే అంటాను, రెండేళ్ళలో సడలించారు కూడా. తెలివితక్కువదని తేల్చాల్సింది మాత్రం ఓటరే, జడ్జి కాదు.

2017లో ట్రిపుల్ తలాక్ కేసులో జస్టిస్ నారిమన్ గారు మెక్‌డోవెల్ అంతకుముందున్న తీర్పుల్ని చూడకుండా చెప్పింది కాబట్టి మంచి చట్టం కాదన్నారు. చట్టం స్పష్టంగా, కొట్టొచ్చినట్టు ఆర్బిట్రరీ అయితే, అంటే ఏ ఆధారసూత్రం లేకుండా మనసుకొచ్చినట్టు చేస్తే కొట్టెయ్యొచ్చన్నారు. ఆ ఒక్క అంశం మీద కురియన్ జోసెఫ్ గారు కూడా ఒప్పుకోవడంతో అదే నిలిచింది. 2024లో ఎలక్టోరల్ బాండ్ల కేసు దీన్ని ఇంకో అడుగు ముందుకేసింది. కంపెనీలు పార్టీలకిచ్చే విరాళానికి లాభంలో ఏడున్నర శాతం అనే పరిమితి ఉండేది, దాన్ని ఎత్తేశారు. లాభాల్లో ఉన్న కంపెనీకీ నష్టాల్లో ఉన్న కంపెనీకీ తేడా చూడకపోవడం మ్యానిఫెస్ట్లీ ఆర్బిట్రరీ అని కోర్టు అంది. నష్టాల్లో ఉన్నోడు డబ్బిస్తున్నాడంటే దేనికోసం ఇస్తున్నాడో ఊహించుకోవచ్చు కదా.

ఇక్కడ గమనించండి, గీత గీసినందుకు కాదు, గియ్యాల్సిన చోట గియ్యనందుకు కొట్టేశారు. అంటే ఆర్బిట్రరినెస్ అనే పేరుతో మళ్ళీ వర్గీకరణే అడుగుతున్నారు. ఆ తీర్పు నాకు నచ్చింది, కారణం కూడా అదే, ఎవర్ని ఎవరితో కలిపేశారో వేలుపెట్టి చూపించింది. తేడా చూపించకుండా కొట్టొచ్చినట్టుంది అని వదిలేసే తీర్పులంటేనే నాకు భయం. ఒకడికి కొట్టొచ్చేది ఇంకొకడికి కొట్టొచ్చినట్టు ఉండదు.

మళ్ళీ మడిగె దగ్గరికి

మా కేసులో మున్సిపాలిటీ తరఫు లాయరు, అంటే స్టాండింగ్ కౌన్సిల్, కౌంటర్ వేశారు. అద్దె బకాయిలున్నాయి, అందుకే రెన్యువల్ చెయ్యలేదు అని. ఆవిణ్ణి అడిగితే నిజమే, ఏడు నెలలది ఉంది అంది. మా ప్రేయర్‌లో ఉన్న ఆర్బిట్రరీ అక్కడికక్కడే గాలి పోయిన ట్యూబ్ అయింది. కారణం ఉంది, కారణం సబబుగానే ఉంది.

అప్పుడు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టించాం. పద్నాలుగు మడిగెల డిమాండ్ రిజిస్టర్ కాపీ, రెన్యువల్ తేదీ నాటికి ఎవరెంత బాకీ. నలభై రోజులకి వచ్చింది. ఆపిన ముగ్గురికే కాదు, రెన్యువల్ అయిన పదకొండు మందిలో నలుగురికీ బకాయిలున్నాయి, ఒకాయనకి పదకొండు నెలలది. రిప్లై అఫిడవిట్‌లో ఆ పట్టిక పెట్టాం.

స్టాండింగ్ కౌన్సిల్ మామూలోడు కాదు, లేచి నెగటివ్ ఈక్వాలిటీ అన్నాడు. అంటే ఆ నలుగురికి పొరపాటున చేశాం, ఒకరికి చేసిన తప్పు నాకూ చెయ్యమని 14 కింద అడగలేరు అని. అది సరైన లా పాయింటే, దాని మీద సుప్రీంకోర్టు తీర్పులు బోలెడు. పోలికని నమ్ముకున్నవాడికి ఎదురయ్యే గోడ అది. నేను చెప్పింది ఒక్కటే, మేం బకాయి ఉన్నా రెన్యువల్ ఇవ్వమనడం లేదు, బకాయి అనేది అసలు గీత కాదు అంటున్నాం, అది గీతే అయితే ఏడుగురిని ఆపాలి, ముగ్గుర్నే ఆపారు, మరి ఆ ముగ్గుర్ని ఏడుగురిలోంచి ఎలా ఏరారో ఫైల్లో ఎక్కడుందో చూపించండి. ఫైల్లో లేదు.

ఆర్డరు ఒకటిన్నర పేజీ. తాళం తీయండి, ఏడుగురికీ ఒకటే పద్ధతి పెట్టి ఎనిమిది వారాల్లో మళ్ళీ నిర్ణయం తీసుకోండి అని. అందులో ఆర్బిట్రరీ అన్న మాట ఒక్కసారి వచ్చింది, పట్టిక గురించి రాసిన పేరా తర్వాత. ఆవిడ బకాయి మూడు వాయిదాల్లో కట్టింది, రెన్యువల్ అయింది. పదకొండు నెలలాయన కూడా కట్టాల్సొచ్చింది, అందుకని ఆయన ఇప్పటికీ ఆవిడ దగ్గర టీ తాగడట.

మా జూనియర్ ఇప్పుడు క్లయింటు రాగానే "మీలాంటోళ్ళు ఇంకెంతమందున్నారు, వాళ్ళకేం చేశారు" అని ముందు అడుగుతున్నాడు. ప్రేయర్ మాత్రం పాతదే, ఇల్లీగల్, ఆర్బిట్రరీ, అన్‌జస్ట్. నేను కొట్టెయ్యట్లేదు, ఎప్పుడు ఏ పిటిషన్‌లో పక్కోడు దొరకడో ఎవరికి తెలుసు.